తప్పుకోవాలా, తిరుగుతూ ఉండాలా? - ఒక పాత వాదం కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది నా పదవీ విరమణ సన్మాన సభ. ఆనాడు ఒక వక్త "ఇన్నేళ్ళు కష్టపడ్డారు, ఇక అన్నీ వదిలి హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్నారు. ఆయన కూర్చోగానే లేచిన మరొకరు "విశ్రాంతి అన్న మాట మరచిపోండి, అసలు జీవితం ఇప్పుడే మొదలు" అన్నారు. సభవారు ఇద్దరికీ చప్పట్లు కొట్టారు. శాలువా భుజాన వేసుకుని ఇంటికి వచ్చిన నాకు మాత్రం ఇద్దరిలో ఎవరి మాట వినాలో తెలియలేదు. చాలా కాలానికి తెలిసిందేమంటే, ఈ రెండు మాటల మీద అమెరికాలో పండితులు ఇరవై ఏళ్ళకు పైగా వాదించుకున్నారు. ఆ వాదం చాలావరకు ఒకే విశ్వవిద్యాలయం గోడల మధ్య పుట్టడం విశేషం.

అది చికాగో విశ్వవిద్యాలయం. అక్కడి ఆచార్యుడు రాబర్ట్ హావిగ్‌హర్స్ట్, రూత్ ఆల్‌బ్రెక్ట్‌తో కలిసి 1953లో వృద్ధుల గురించి ఒక పుస్తకం ప్రకటించాడు. ఉద్యోగం పోవడం, భాగస్వామి మరణించడం, పిల్లలు దూరం కావడం, వీటివల్ల మనిషి చేతిలో ఉన్న పాత్రలు ఒక్కొక్కటే జారిపోతాయి. జారిన పాత్ర స్థానంలో మరొకటి తెచ్చుకున్నవారు తృప్తిగా ఉంటారు అనేది ఆయన ఆలోచన. నడివయసులో ఎంత చురుకుగా ఉన్నారో వృద్ధాప్యంలోనూ వీలైనంత వరకు అలాగే ఉండాలన్నమాట. దీనినే యాక్టివిటీ సిద్ధాంతం అన్నారు. మన రెండవ వక్తగారి పక్షం ఇది.

ఆ విశ్వవిద్యాలయమే 1950లలో కాన్సాస్ సిటీ నగరంలో పెద్ద పరిశీలన చేపట్టింది. 50 నుంచి 90 ఏళ్ళ మధ్యనున్న 279 మందిని కొన్నేళ్ళ పాటు పలుమార్లు ఇంటికి వెళ్ళి ప్రశ్నించారు. ఏ మనిషి జీవితంలో ఎంత కలిసిపోయి ఉన్నాడో తెలుసుకోవడానికి వారు వాడిన లెక్కలు చాలా సాదావి. భర్త, తండ్రి, స్నేహితుడు, సంఘ సభ్యుడు, ఇలా ఎన్ని పాత్రలు ఇంకా నడుపుతున్నాడు? మామూలు రోజులో ఎంత భాగం ఇతరుల సమక్షంలో గడుపుతున్నాడు? నెలలో ఎంతమందితో ఎన్నిసార్లు కలిశాడు? వయసు పెరిగిన కొద్దీ ఈ మూడు లెక్కలూ తగ్గుతూ వచ్చాయి. బొమ్మలు చూపించి కథ చెప్పమన్నప్పుడు కూడా పెద్ద వయసువారి కథలు బయటి ప్రపంచం మీద కన్నా లోపలి ఆలోచనల మీద ఎక్కువగా సాగాయి.

ఈ సమాచారం చూసి ఎలెయిన్ కమ్మింగ్, విలియం హెన్రీ 1961లో ఒక గ్రంథం వ్రాశారు. మనిషి, సమాజం ఒకరినుంచి ఒకరు తప్పుకోవడం సహజమనీ, అన్ని దేశాలలోనూ జరిగేదేననీ, అది ఇరువైపుల వారికీ మంచిదేననీ వారి వాదన. ముఖ్యమైన స్థానంలో ఉన్న మనిషి హఠాత్తుగా మరణిస్తే పని ఆగిపోతుంది కాబట్టి సమాజం ముందే ఆ స్థానాన్ని చిన్నవారికి అప్పగిస్తుంది; చావు దగ్గరపడుతోందని గ్రహించిన మనిషి తానే బంధాలు సడలించుకుంటాడు; ఈ రెండూ ఒకే సమయంలో జరిగితే మనసు నెమ్మదిగా ఉంటుంది. ఇదే డిసెంగేజ్‌మెంట్ సిద్ధాంతం. మనవారికి ఇది కొత్తగా తోచదు. వానప్రస్థం అనే మాట మనకు ఊయలనాడే తెలుసు. అయితే వానప్రస్థం పెద్దలు విధించిన ధర్మం. కమ్మింగ్, హెన్రీలు చెప్పింది అలా చెయ్యండని కాదు, అలాగే జరుగుతుందని. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి చిక్కు, ఎవరిని అడిగారన్నది. వారు ఎన్నుకున్నవారు పెద్ద జబ్బులు లేనివారు, జరుగుబాటు ఉన్న తెల్లవారు. పేదలు, మంచాన పడినవారు అందులో లేరు. పైగా 50 ఏళ్ళవాడిని, 80 ఏళ్ళవాడిని పక్కపక్కన నిలబెట్టి తేడా చూడడం వేరు, ఒక్క మనిషినే ముప్పై ఏళ్ళు వెన్నంటి చూడడం వేరు. రెండవ చిక్కు 1975లో ఆర్లీ హోక్‌షైల్డ్ అనే ఆవిడ ఎత్తి చూపింది. తప్పుకున్న మనిషి కనిపిస్తే సిద్ధాంతం నిజమంటారు. తప్పుకోని మనిషి కనిపిస్తే ఇతనికి ఇంకా సమయం రాలేదనో, ఇతను మినహాయింపనో అంటారు. ఇక తప్పని తేలే మార్గమేది? మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఏ ఆడిట్ అభ్యంతరానికైనా ముందే జవాబు సిద్ధం చేసుకున్న ఫైలు అది.

ఇరువైపులా ఇష్టపడి జరుగుతుందన్న మాట విన్నప్పుడు నాకు 1983 గుర్తుకు వస్తుంది. ఆ సంవత్సరం మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, మా సెక్షన్ పెద్దాయన ఫిబ్రవరి నెలాఖరున బల్ల మీద ఫైళ్ళు అలాగే వదిలి వెళ్ళిపోయారు. ఆయన తప్పుకోలేదు, తప్పించారు. తరువాత ఆ వయసును మళ్ళీ 58 చేశారు. ఇటీవల ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62, తెలంగాణలో 2021లో 61 అయింది. మనసు సడలే వయసు ప్రభుత్వ ఉత్తర్వుతో ముందుకూ వెనక్కూ జరుగుతుందా?

మళ్ళీ చికాగోకు వద్దాం. హావిగ్‌హర్స్ట్, బెర్నీస్ న్యూగార్టెన్, షెల్డన్ టోబిన్ అనే ముగ్గురు ఆ కాన్సాస్ సిటీ సమాచారాన్నే మళ్ళీ తిరగవేశారు. ఎంత తిరుగుతున్నాడన్నది ఒకటి, ఎంత తృప్తిగా ఉన్నాడన్నది వేరొకటి అని విడదీశారు. తృప్తికి ఐదు అంశాలు పెట్టుకున్నారు: చేసే పనిలో ఉత్సాహం ఉందా, గడచిన జీవితాన్ని తనదిగా ఒప్పుకుంటున్నాడా, అనుకున్నవి సాధించానని అనిపిస్తోందా, తన మీద తనకు మంచి అభిప్రాయం ఉందా, మనసు మామూలుగా ప్రసన్నంగా ఉంటోందా. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు మార్కులు, మొత్తం 25.

చివరికి తేలింది ఏమంటే, మొత్తం మీద చురుకుగా ఉన్నవారికే తృప్తి ఎక్కువ. కాని అందరికీ కాదు. బాగా తగ్గించుకుని, కుర్చీలో ఊగుతూ కూర్చుని, నిండు తృప్తితో ఉన్నవారు కనిపించారు. అన్నీ వదిలేసి రెండు మూడు పనులే చేసుకుంటూ ఆనందంగా ఉన్నవారూ కనిపించారు. పళ్ళు బిగబట్టి పాత జీవితాన్ని వదలకుండా పట్టుకున్నవారు, ఆనుకోవడానికి ఒకరిద్దరు దొరికితే చాలు బాగానే ఉన్నవారు, దేనిమీదా ఆసక్తి లేక మూలన పడినవారు కూడా ఉన్నారు. ఈ తేడా వయసువల్ల కన్నా స్వభావంవల్ల వచ్చిందని వారు తేల్చారు. కమ్మింగ్ కూడా 1963లోనే తన సిద్ధాంతాన్ని సవరిస్తూ స్వభావానికి చోటిచ్చింది.

అలాగని రెండవ వక్తగారు పూర్తిగా గెలిచారనుకోకండి. 1972లో లెమన్, బెంగ్ట్సన్, పీటర్సన్ అనే ముగ్గురు ఏ రకం పని తృప్తినిస్తుందని విడివిడిగా పరీక్షించారు. ఒంటరిగా చేసుకునే పనులకు, సంఘాలు, సమావేశాలకు చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. స్నేహితులతో కాలక్షేపానికి మాత్రమే కనబడింది. 1982లో లాంజినో, కార్ట్ మళ్ళీ చూస్తే స్నేహానికి అదే ఫలితం వచ్చింది, సంఘ కార్యక్రమాలవల్ల తృప్తి కొంత తగ్గినట్లు కూడా తేలింది. మన కార్యవర్గ సభ్యులు నన్ను క్షమించాలి! 1999లో ప్రకటించిన మరో పరిశీలనలో న్యూ హేవెన్ పట్టణంలో 65 దాటిన 2,761 మందిని 13 ఏళ్ళు గమనించారు. పెద్దగా ఒళ్ళు అలవని పనులు, అంటే నలుగురిలో కలవడం, పేకాట, వంట, తోటపని వంటివి చేసేవారు కూడా, వ్యాయామం చేసేవారిలాగే, చేయనివారి కన్నా ఎక్కువ కాలం బ్రతికారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పని చేయడంవల్ల ఆరోగ్యం నిలిచిందా, ఆరోగ్యం ఉండబట్టి పని చేయగలిగారా? పరిశీలకులు జబ్బులను లెక్కలోకి తీసుకున్నా, ఈ సందేహం పూర్తిగా తీరదు.

కాబట్టి ఆరోగ్యంగా ఉన్న వృద్ధాప్యానికి యాక్టివిటీ సిద్ధాంతమే ఎక్కువగా అతుకుతుందని నా అభిప్రాయం. అయితే పనుల సంఖ్యను బట్టి కాదు, అందులో మనుషులెవరన్నదాన్ని బట్టి. రెండవ సిద్ధాంతాన్ని కూడా చెత్తబుట్టలో వేయనక్కరలేదు. తనకు తానుగా తగ్గించుకున్న మనిషిని అది సరిగ్గానే వర్ణిస్తుంది. ప్రమాదమల్లా, మరొకటేదో తగ్గించిన మనిషిని చూసి, తానే తగ్గించుకున్నాడని మనం అనుకోవడంలో ఉంది. మా ఇంట్లో జరిగింది అదే.

మా అన్నయ్య నాకన్నా ఆరేళ్ళు పెద్ద. రిటైరయ్యాక చాలాకాలం గుడి కమిటీ, సాయంత్రం పార్కులో మిత్రబృందం, వారానికోసారి మా ఇంటికి రాక, ఇలా తీరిక లేకుండా ఉండేవాడు. డెబ్బై ఆరు దాటాక ఒక్కొక్కటే మానేశాడు. మొదట కమిటీ, తరువాత పార్కు, చివరకు ఫోను. పేపరు మాత్రం మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివేవాడు. మేమంతా సంతోషించాం. "అన్నయ్యకు వైరాగ్యం వచ్చింది, ఆ వయసుకు రావలసిందే" అని నలుగురిలో గొప్పగా చెప్పింది నేనే.

ఒకనాడు పైన చెప్పిన ఐదు అంశాలకు సరదాగా అన్నయ్యకు మార్కులు వేయబోయాను. నిజానికి అది తర్ఫీదు పొందినవారు సుదీర్ఘమైన సంభాషణలు చదివి చేయవలసిన పని. అయినా గడచిన జీవితానికి 4, సాధించినదానికి 4 ధైర్యంగా వేశాను. ఉత్సాహం దగ్గర ఆగిపోయాను. నవ్వి ఎన్నాళ్ళయింది? మనసు ప్రసన్నంగా ఉందా అంటే, వదినను కసురుకోవడం ఎక్కువైంది. తన మీద తనకు అభిప్రాయం అంటే, "నాతో ఎవరికేం పని" అన్న మాట రోజూ వింటున్నాం. ఆ మూడింటికీ రెండేసి కన్నా వేయలేకపోయాను. మొత్తం 14. తప్పుకుని తృప్తిగా ఉన్న మనిషికి వచ్చే మార్కులు కావవి.

అప్పుడు అతను వదిలేసిన వాటిని వరసగా వ్రాసి చూశాను. కమిటీలో పదిమంది ఒకేసారి మాట్లాడతారు. పార్కు పక్కనే బస్సుల రోడ్డు. ఫోనులో ముఖం కనబడదు. మానని పని ఒక్క పేపరు చదవడం. అంటే చెవులతో చేసేవన్నీ పోయి కళ్ళతో చేసేది మిగిలింది. వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని తేలింది. వినబడక తప్పు జవాబు చెప్పి నవ్వులపాలు కావడం ఇష్టం లేక మానేశానని, అడిగిన తరువాత చెప్పాడు. రెండేళ్ళు ఎందుకు చెప్పలేదంటే, మేమంతా వైరాగ్యమని మెచ్చుకుంటున్నాం కదా అన్నాడు.

చెవికి యంత్రం పెట్టించాం. మొదటి నెల గిన్నెల చప్పుడుకు కూడా ఉలిక్కిపడి తీసి డబ్బాలో పెట్టేవాడు. రోజుకో గంట చొప్పున పెంచుకుంటూ మూడు నెలలకు అలవాటు పడ్డాడు. పార్కుకు వెళ్ళడం మొదలుపెట్టాడు, కాని రోడ్డువైపు బెంచీ మీద కూర్చోడు. గుడి కమిటీకి మాత్రం రానన్నాడు. వినబడుతోంది కదా అంటే, "వినబడుతోంది కాబట్టే రాను" అన్నాడు.