బ్రాండ్ లైసెన్సింగ్

ఒక సంస్థకు చెందిన ట్రేడ్‌మార్క్‌ను మరో తయారీదారు తన సరుకుపై వాడుకునేందుకు ఒప్పందం మీద ఇచ్చే అనుమతిని బ్రాండ్ లైసెన్సింగ్ అంటారు. పేరు సొంతదారుదే, తయారీ లైసెన్సుదారుది. ఇందుకు సాధారణంగా అమ్మకాలపై రాయల్టీ చెల్లిస్తారు. సరుకు నాణ్యతపై సొంతదారు అదుపు ఉండాలన్నది ఈ ఏర్పాటుకు మూల షరతు.

తొలి దశ

ఫలానా పేరుంటే సరుకు ఫలానా చోటినుంచి వచ్చినట్టే అన్నది పాత న్యాయసూత్రం. దాని ప్రకారం పేరును ఇంకొకరికి వాడనివ్వడమంటే కొనేవాణ్ణి మోసగించడమే. 1914లో బౌడెన్ వైర్ కంపెనీ కేసులో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ వైఖరే తీసుకుంది. వేరే కంపెనీని తన మార్కు వాడుకోనిచ్చిన సొంతదారు ఆ మార్కుపై హక్కునే పోగొట్టుకున్నాడు.

చట్టాల మార్పు

బ్రిటన్ 1938 చట్టం 'రిజిస్టర్డ్ యూజర్' పద్ధతితో దారి తెరిచింది. అమెరికాలో 1946 నాటి లాన్‌హామ్ చట్టం, నాణ్యతపై సొంతదారు అదుపు ఉంటే ఇతరుల వాడకాన్ని సొంతదారు వాడకంగానే లెక్కించింది. భారత్‌లో 1999 చట్టం 2003 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. దీని కింద వాడకందారును నమోదు చేయించేటప్పుడు, అతనిపై సొంతదారుకు ఎంత అదుపు ఉంటుందో తెలపాలి. నాణ్యత షరతులను అమలు చేయకపోతే రిజిస్ట్రార్ ఆ నమోదును రద్దు చేయవచ్చు.

అదుపు తప్పితే: డావిన్సీ వైన్ కేసు

'లియొనార్డో డావిన్సీ' పేరు హక్కు బార్‌కమెరికా అనే సంస్థది. ఆ పేరును అది 1986లో కాలిఫోర్నియాలోని రెనెసాన్స్ వైన్ తయారీ సంస్థకు లైసెన్సుకిచ్చింది. దాని స్థానంలో 1989లో రెండో ఒప్పందం కుదిరింది. రెండు ఒప్పందాల్లోనూ నాణ్యత గురించిన షరతే లేదు. తర్వాత ఇదే పేరుతో వస్తున్న ఇటలీ వైన్‌పై బార్‌కమెరికా దావా వేయగా, తమ లైసెన్సుదారు వైన్‌ను ఎప్పుడెప్పుడు పరీక్షించారన్న ప్రశ్న వచ్చింది. అప్పుడప్పుడూ రుచి చూశామనీ, అక్కడ పేరుమోసిన వైన్ నిపుణుడు ఉన్నాడనీ జవాబు. దావా నాటికి ఆ నిపుణుడు చనిపోయాడు. 2002లో అప్పీలు కోర్టు దీన్ని అదుపులేని లైసెన్సుగా తేల్చి, బార్‌కమెరికా తన హక్కును వదులుకున్నట్టేనని తీర్పిచ్చింది. వైన్ బాగుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదని కోర్టు స్పష్టం చేసింది. చట్టం కోరేది మేలురకం సరుకును కాదు, ఆ పేరు కింద ఎప్పుడూ ఒకే రకంగా ఉండే సరుకును.

నేటి పద్ధతి

ఇప్పటి ఒప్పందాల్లో సాధారణంగా ముడిసరుకు, కొలతల వివరాలు జతపరుస్తారు. భారీ తయారీకి ముందే నమూనాకూ లేబుల్‌కూ సొంతదారు ఆమోదం తీసుకుంటారు. తర్వాత ఫ్యాక్టరీ తనిఖీలు, మార్కెట్లో కొన్న సరుకుపై పరీక్షలు ఉంటాయి. గడువు తీరాక మిగిలిన నిల్వ అమ్ముకోవడానికి కొంత వ్యవధి ఇస్తారు. అయితే తనిఖీ హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన సరిపోదు. వివాదం వస్తే, దాన్ని నిజంగా వాడినట్టు నమూనాల ఆమోద పత్రాలు, తనిఖీ నివేదికలు చూపించుకోవలసింది సొంతదారే.