ఇంజనీరింగ్ పాఠ్యాల్లో పరిభాష ఎంపిక: లిప్యంతరీకరణ, పదకల్పన

విశ్వవిద్యాలయ స్థాయి ఇంజనీరింగ్ అధ్యాయాన్ని తెలుగులో రాసేటప్పుడు ఇంగ్లీషు పదాన్ని తెలుగు లిపిలో ఉంచాలా, తెలుగు పదం వాడాలా అన్నది ఒక్కో పదానికీ విడిగా తేల్చుకోవలసిన విషయం. పదార్థ బలానికి సంబంధించిన తొలి అధ్యాయంలో ఈ సమస్య స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ అధ్యాయానికి ఆధారం స్ట్రెస్, స్ట్రెయిన్ అనే రెండు రాశులు. తెలుగు లిపిలో రెండూ ‘స్ట్రె’తోనే మొదలవుతాయి కనుక వేగంగా చదివేవారు ఒకదాన్ని మరొకటిగా పొరబడతారు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం నుంచి విద్యార్థికి పరిచయమైన ప్రతిబలం, వికృతి అన్న మాటలతో ఆ చిక్కు లేదు. వాడుకలో ఉంది కదా అని ‘ఒత్తిడి’ని తీసుకుంటే మాత్రం అర్థం దెబ్బతింటుంది. కడ్డీని లాగినప్పుడూ ప్రతిబలం పుడుతుంది. ఒత్తిడి అనగానే నొక్కడమే గుర్తొస్తుంది.

ప్రతిబలానికీ ఒక లోపం ఉంది. పేరులో బలం ఉండటంతో విద్యార్థి దాన్ని బలంగానే భావించి, ప్రమాణం న్యూటన్ అని రాసే ప్రమాదం ఉంది. అందుకే నిర్వచనం వెంటనే లెక్క రావాలి. 20 మి.మీ. వ్యాసం, 2 మీ. పొడవు ఉన్న ఉక్కు కడ్డీని 31.4 కిలోన్యూటన్లతో లాగామనుకుందాం. అడ్డుకోత వైశాల్యం సుమారు 314 చ.మి.మీ. కాబట్టి ప్రతిబలం 100 మెగాపాస్కల్. ఉక్కు యంగ్ గుణకం 200 గిగాపాస్కల్ అనుకుంటే వికృతి 0.0005, సాగుదల 1 మి.మీ. బలం న్యూటన్లలో, ప్రతిబలం పాస్కల్‌లలో రావడం, వికృతికి ప్రమాణమే లేకపోవడం ఇక్కడ కంటికి కనిపిస్తాయి.

పాస్కల్, న్యూటన్ వంటి ప్రమాణాలను, వ్యక్తుల పేర్లతో ఏర్పడ్డ పదాలను అనువదించకూడదు. కేంద్ర ప్రభుత్వం 1961లో నెలకొల్పిన శాస్త్ర సాంకేతిక పరిభాషా సంఘం సూత్రాలూ ఇదే చెబుతాయి. యంగ్ గుణకం లాంటి మిశ్రమ పదాలు నిలదొక్కుకున్నది ఈ పద్ధతిలోనే. బోల్ట్, రివెట్, వెల్డింగ్, బేరింగ్ వర్క్‌షాపులో పనివారి నోట నిత్యం వినిపించే మాటలు. వీటికి కొత్త పేర్లు పెడితే పుస్తకానికీ పనికీ మధ్య దూరం పెరుగుతుంది.

భావవాచకాల విషయంలో తెలుగు పదానికే మొగ్గు చూపాలి. స్థితిస్థాపకత నుంచి స్థితిస్థాపక అవధి, స్థితిస్థాపక గుణకం సులువుగా పుడతాయి. ఎలాస్టిక్, ఎలాస్టిసిటీ అని రాస్తే వాటి సంబంధం తెలుగు వ్యాకరణానికి అందదు. విద్యార్థి రెంటినీ విడిగా కంఠస్థం చేయాలి.

రాయడం మొదలుపెట్టే ముందే అధ్యాయానికి పదపట్టిక సిద్ధం కావాలి. ప్రతి తెలుగు పదం తొలిసారి వచ్చినచోట ‘దీన్నే స్ట్రెస్ అంటారు’ అని ఒక వాక్యం చేర్చి, తర్వాత ప్రతిబలం ఒక్కటే వాడాలి. గేట్ పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది కనుక ఆ వాక్యాన్ని వదిలేయకూడదు. σ, ε, E గుర్తులు యథాతథంగా ఉండాలి. లిప్యంతరీకరించిన పదానికి ఒకే వర్ణక్రమం ఉండాలి: ఒకచోట షియర్, మరోచోట షీర్ అని వస్తే చివరి పదసూచికలో ఒకే భావం రెండు చోట్ల చేరుతుంది.