క్రియ తుది యక్షరము చెప్పు కథ



కొంతకాలము క్రిందట మా గ్రామమున ఒక పాత కాగితమును చదివిపెట్టుమని నన్ను పిలిచిరి. ఒక అన్నయు చెల్లెలును ఉమ్మడిగా అనుభవించిన తోటను గూర్చిన పత్రమది. అందు “ఇరువురును తోటను అనుభవించిరి. పిమ్మట తన వంతు పైకము పుచ్చుకొని తోటను విడిచెను” అని యుండెను. విడిచిన వారి పేరున్న చోటు పురుగు తినివేసినది. అన్న సంతతివారు చెల్లెలు విడిచెననిరి. చెల్లెలి సంతతివారు అన్నయే విడిచెననిరి. వివాదమంతయు “విడిచెను” అను నొక్క క్రియపై నిలిచినది.

ఆ క్రియ ఏమి చెప్పునో, ఏమి చెప్పదో మొదట చూతము. మన ప్రాచీన భూతకాల రూపము లివి: నేను వచ్చితిని, మేము వచ్చితిమి, నీవు వచ్చితివి, మీరు వచ్చితిరి, వారు వచ్చిరి. వీని తుదినున్న ని, మి, వి, రి అను నక్షరములు నేను, మేము, నీవు, మీరు అను మాటల తుదిభాగములను జ్ఞప్తికి తెచ్చును. కావున కర్తను చెప్పకున్నను ఎవరు వచ్చినదియు తెలియును. కాని “వచ్చెను” అను చోట ఈ గుర్తు లేదు. రాముడు వచ్చెను, సీత వచ్చెను, ఆవు వచ్చెను, ఆవులు వచ్చెను. అన్నింటికిని రూప మొక్కటే. నన్నయకాలపు భాష మొదలు, చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో అచ్చైన పిమ్మటి గ్రాంథికము వరకు, ఇదే మర్యాద.

మరి నేడు “వచ్చినాడు, వచ్చినది” యని భేద మెట్లు కలిగెను? అది క్రియ నుండి పుట్టలేదు. “వచ్చిన” యను విశేషణమునకు “వాడు” చేర్చగా “వచ్చినవాడు” అయ్యెను. “అది” చేర్చగా “వచ్చినది” అయ్యెను. పలుకుబడిలో “వచ్చినవాడు” అనునది “వచ్చినాడు”గా కుదిసి క్రియవలె నిలిచెను. రాయలసీమలో నేటికిని “వచ్చినాడు” వినబడును. తెలంగాణమున “వచ్చిండు” అందురు. కోస్తా జిల్లాలలో అది “వచ్చాడు” అయినది. వర్తమానమును ఇట్టిదే. “వచ్చుచున్నాడు” అనగా వచ్చుచు ఉన్నవాడు. సర్వనామము వచ్చి చేరినందుననే లింగభేదమును వెంట వచ్చినది.

ఇందొక విశేషము గమనింపవలెను. ఏకవచనమున స్త్రీ “వచ్చినది” అనుటలో ఆవుతో సమానముగా నుండును. బహువచనమున స్త్రీలు పురుషులతో చేరి “వచ్చినారు” అనబడుదురు, ఆవులు మాత్రము “వచ్చినవి.” గౌరవార్థమున ఒక్కరికిని “వచ్చిరి” యని వ్రాయుదురు గనుక, బహువచనము కనబడినంతనే పలువురని నిశ్చయింపరాదు.

భవిష్యత్తు విషయమున మరియొక చిక్కు గలదు. “వచ్చును” అనునది “వచ్చెను” వలెనే వాడు, ఆమె, అది అను భేదము లేనిది. “రాగలడు, రాగలదు” అను రూపములందు భేదమున్నది. కాని నేడు “రాగలడు” అనగా వచ్చుటకు శక్తిగలవాడని తలచెదము. గ్రాంథికమున దానికి “రానున్నాడు, వచ్చును” అనియు అర్థము గలదు. పాత అప్పుపత్రమున “సంవత్సరములోపల పైకము చెల్లింపగలవాడను” అని యున్నచో, అది శక్తి యుండిన చెల్లింతునను మాట గాదు. తప్పక చెల్లింతునను వాగ్దానము. ఈ భేద మెరుగక చదివిన, ఋణదాతకు నష్టము కలుగును.

ఇక మా తోట మాట. “విడిచెను” అను నంతవరకు ఉభయుల వాదమును నిలుచును. ఆ పదము ఒక్కరే విడిచిరని మాత్రము చెప్పును. ఇరువురు విడిచిన “విడిచిరి” యని యుండవలెను. పురుషుడా స్త్రీయా యన్నది దానియందు లేదు. కావున నేను ఆ రూపమును విడిచి, కాగితము తుదివరకు చదివితిని. చివర వ్రాలునకు పైన, విడిచినవారి మాటగా, “నా వంతు పైకము పుచ్చుకొనినదానను” అని యుండెను. “పుచ్చుకొంటిని” యని వ్రాసియున్నచో, ఉత్తమపురుషమున లింగభేదము లేదు గనుక, సందేహము తీరెడిది కాదు. పురుషుడు వ్రాసిన “పుచ్చుకొనినవాడను” అనును. “దానను” అనుటచేత మాటాడినది చెల్లెలని తేలినది. ఉభయులును ఆ యక్షరములను వ్రేలితో చూపించుకొని చదివి, ఇండ్లకు పోయిరి.

మీ పెట్టెలలో తాతలనాటి కాగితము లుండవచ్చును. అందు “ఇచ్చెను, పోయెను, విడిచెను” అని కనబడినచోట, కర్త పేరు పోయినచో, మన నేటి పలుకుబడి ననుసరించి పురుషుడనియో స్త్రీయనియో ఊహింపకుడు. వాడు, అది, వాడను, దానను అను తుది గల రూప మెచ్చటనైన నున్నదేమో వెదకుడు. అదియు లేనిచో, క్రియ ఆ సంగతిని చెప్పలేదనియే ఒప్పుకొనవలెను.