గొట్టం సన్నబడితే పీడనం ఎందుకు తగ్గుతుంది? రెండు సూత్రాల పుట్టుపూర్వోత్తరాలు

ఫ్లూయిడ్ మెకానిక్స్ క్లాసులో కంటిన్యుటీ స్లైడ్ చూడని ఇంజినీరింగ్ విద్యార్థి ఉండడు. వెడల్పాటి గొట్టం ఒకటి క్రమంగా సన్నబడి ఉంటుంది. కింద A₁v₁ = A₂v₂ అని ఉంటుంది. చాలాసార్లు అదే బొమ్మ మీద వెడల్పు వైపు ‘పీడనం ఎక్కువ’ అనీ, సన్నని వైపు ‘పీడనం తక్కువ’ అనీ కూడా రాసేస్తారు. చిక్కంతా అక్కడే. ఆ సమీకరణంలో వైశాల్యం ఉంది, వేగం ఉంది, పీడనం మాత్రం ఎక్కడా లేదు. వేగం సంగతి చెప్పే సూత్రం 1628లో అచ్చయింది. పీడనం సంగతి తేలడానికి మరో 110 ఏళ్లు పట్టింది.

పారే నీటిని కొలవాలన్న అవసరం అంతకంటే చాలా పాతది. క్రీ.శ. 97లో రోమ్ నగర నీటి సరఫరా బాధ్యతలు చేపట్టిన ఫ్రాంటినస్, ఏ కాలువ ద్వారా ఎంత నీరు వస్తోందో, ఎవరికి ఎంత పోతోందో లెక్క తీశాడు. ఆయన కొలిచింది గొట్టాల నోటి వైశాల్యాన్నే. నీరు జోరుగా వస్తే అదే గొట్టం ఎక్కువ ఇస్తుందని ఆయనకు తెలుసు, అది రాశాడు కూడా. కానీ ఆ జోరును అంకెగా మార్చే దారి లేక లెక్కలో చేర్చలేకపోయాడు. రికార్డులకూ కొలతలకూ పొంతన కుదరని చోట్ల నీటి దొంగలనూ, కాలువల సిబ్బంది మోసాలనూ తప్పుపట్టాడు. దొంగతనాలు నిజమే కావచ్చు కానీ, వేగాన్ని వదిలేసిన లెక్క ఎలాగూ సరిపోదు.

1500 ప్రాంతంలో లియొనార్డో డావిన్చీ తన నోటు పుస్తకాల్లో అసలు సంగతి రాసుకున్నాడు. నది వెడల్పైనా ఇరుకైనా, లోతైనా కాకపోయినా, ప్రతి చోటా ఒకే వ్యవధిలో ఒకే పరిమాణం నీరు దాటిపోతుందన్నాడు. ఆ నోట్లు అప్పట్లో అచ్చు కాలేదు. ఆ సూత్రాన్ని లోకానికి అందించినవాడు గెలీలియో శిష్యుడు, క్రైస్తవ సన్యాసి బెనెడెట్టో కాస్టెల్లి. ఇటలీ నదుల వరదల మీద సలహాలిచ్చిన ఆయన, పారే నీటి కొలతపై 1628లో పుస్తకం ప్రచురించాడు. నీరు మధ్యలో ఎక్కడా చేరనప్పుడు, పోనప్పుడు, మట్టం మారకుండా నిలకడగా పారుతున్నప్పుడు, వైశాల్యం ఎన్ని రెట్లు తగ్గితే వేగం అన్ని రెట్లు పెరగాలి. ఇది నీటి జమాఖర్చు. ఏ బలం నీటిని తోసింది అన్న ప్రశ్న ఇందులో లేదు.

ఆ ప్రశ్న వేసినవాడు డేనియల్ బెర్నౌలీ. ఆయన గ్రంథం ‘హైడ్రోడైనమికా’ 1738లో స్ట్రాస్‌బర్గ్‌లో వెలువడింది. అందులోని ఏర్పాటు చాలా సులువైనది. నీటి తొట్టికి అడ్డంగా ఒక గొట్టం, దాని చివర చిన్న రంధ్రం, గొట్టం గోడకు బిగించి నిలబెట్టిన సన్నని గాజు నాళం. చివరి రంధ్రం మూసి ఉంచితే గాజు నాళంలో నీరు తొట్టి మట్టం దాకా లేస్తుంది. తెరిస్తే నీరు పారడం మొదలై నాళంలో మట్టం దిగుతుంది. ఘర్షణను పక్కన పెడితే, ఆ దిగుడు v²/2g. అంటే నీరు వేగం తెచ్చుకోవడానికి ఖర్చైన ఎత్తు అది. గోడ మీది పీడనంలో తగ్గుదల, నీటి గతిశక్తిలో పెరుగుదల ఒకే ఖాతాలోవని బెర్నౌలీ గ్రహించాడు. నేటి పుస్తకాల్లో మనం చూసే P + ½ρv² + ρgh స్థిరం అన్న రూపం మాత్రం ఆయనది కాదు. న్యూటన్ నియమాన్ని ద్రవంలోని ప్రతి కణానికీ వర్తింపజేసి, 1750లలో ఆయిలర్ ఆ దారి వేశాడు.

ఆయిలర్ దారిలో చూస్తే కారణం తేటపడుతుంది. ఇరుకైన చోట నీరు నలిగిపోతుంది కనుక పీడనం పెరగాలని చాలామందికి తోస్తుంది. కానీ సన్నని భాగంలోకి అడుగు పెడుతున్న ఒక నీటి ముద్దను గమనించండి. కంటిన్యుటీ ప్రకారం అది వేగం పుంజుకోవాలి. వేగం పెరగాలంటే ముందుకు నెట్టే బలం కావాలి. అడ్డంగా ఉన్న గొట్టంలో ఆ బలం ఇవ్వగలిగింది పీడనమొక్కటే. కాబట్టి ముద్ద వెనక పీడనం ఎక్కువ, ముందు తక్కువ ఉండి తీరాలి. ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనంలోకి వచ్చింది కనుకనే వేగం పెరిగింది.

ఒక లెక్క చేద్దాం. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో నీరు సెకనుకు 1 మీటరు వేగంతో వస్తూ, 10 సెంటీమీటర్ల గొంతులోకి ప్రవేశిస్తోంది. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. కనుక గొంతులో వేగం సెకనుకు 4 మీటర్లు. పీడనంలో తగ్గుదల ½ × 1000 × (4² − 1²), అంటే 7500 పాస్కల్‌లు. రెండు చోట్లా గాజు నాళాలు నిలబెడితే గొంతు దగ్గరి నాళంలో నీరు సుమారు 76 సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. ప్రవాహం రెట్టింపైతే ఈ తేడా నాలుగింతలై 3 మీటర్లు దాటుతుంది.

ఈ లెక్కను తిరగేస్తే నీటి మీటరు తయారవుతుంది. మట్టాల తేడా 76 సెంటీమీటర్లని తెలిస్తే చాలు, గొట్టంలో సెకనుకు దాదాపు 31 లీటర్లు పోతున్నాయని చెప్పవచ్చు. గొంతు ఉన్న గొట్టాలపై ఇటలీలోని మొడేనా ప్రొఫెసర్ వెంచూరి తన ప్రయోగాలను 1797లో పారిస్‌లో ప్రచురించాడు. లియొనార్డో నోట్లలోని శాస్త్ర విషయాల మీద ఆయన వ్యాసం వచ్చిందీ అదే ఏడాది. వెంచూరి గొట్టాన్ని కొలత సాధనంగా మలచినవాడు అమెరికా ఇంజినీరు క్లెమెన్స్ హెర్షెల్. మసాచుసెట్స్‌లోని హోల్యోక్‌లో మిల్లులు వాడుకునే నీటిని కొలవడం ఆయన పని. 1887లో తన మీటరును వివరిస్తూ దానికి వెంచూరి పేరు పెట్టాడు. ఫ్రాంటినస్ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1899లో ప్రచురించినవాడూ ఈ హెర్షెలే.

వెంచూరి మీటరులో గొంతు తర్వాతి భాగం పొడుగ్గా, నెమ్మదిగా వెడల్పవుతుంది. హఠాత్తుగా వెడల్పైతే ప్రవాహం గోడను వదిలి సుడులు తిరుగుతుంది, పీడనం వెనక్కి రాదు. నెమ్మదిగా వెడల్పైనా ఘర్షణ వల్ల కొంత నష్టం తప్పదు. అందుకే లెక్కకట్టిన ప్రవాహాన్ని, మీటరును బట్టి సుమారు 0.98 గుణకంతో సవరిస్తారు. ఇక గొంతులో పీడనం మరీ పడిపోయి నీటి ఆవిరి పీడనానికి చేరితే, గది ఉష్ణోగ్రతలోనే బుడగలు పుడతాయి. అవి ముందుకెళ్లి పగిలేటప్పుడు గొట్టంలో కంకర దొర్లుతున్నట్టు చప్పుడొస్తుంది, లోహం గుంటలు పడుతుంది. ఆ చప్పుడు వినిపిస్తే ఆ మీటరు చూపే అంకెను నమ్మకూడదు.

కాబట్టి కంటిన్యుటీ స్లైడ్ ముందుకొచ్చినప్పుడు రెండు మెట్లుగా చదవండి. ముందు వైశాల్యాల నుంచి వేగాలు తీయండి, దానికి కాస్టెల్లి చాలు. ఆ తర్వాతే వేగాల నుంచి పీడనాల తేడా తీయండి, అది బెర్నౌలీ, ఆయిలర్‌ల పని. రెండో మెట్టు ఎక్కే ముందు ఘర్షణ స్వల్పమేనా, ప్రవాహం నిలకడగా ఉందా, గొట్టం ఎత్తు మారిందా అని చూసుకోండి. పాఠం చెప్పేవారు ఈ రెండు మెట్లకూ రెండు స్లైడ్లు కేటాయిస్తే విద్యార్థికి సగం అయోమయం తీరుతుంది.