పరికరాలు లేని సముద్రయానం: పాలినీషియా నావికులు, తూర్పు కనుమల తీరం - తులనాత్మక పరిశీలన

క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు భూగోళవేత్త టాలెమీ తన గ్రంథంలో, మైసోలియాగా తాను పేర్కొన్న ఆంధ్ర తీరానికి ఉత్తరపు కొసన ఒక స్థలాన్ని ప్రత్యేకంగా గుర్తించాడు. సువర్ణభూమికి వెళ్లే ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రంలోకి మళ్లే చోటు అది. దానికి ఆవల పాలూరా అనే పట్టణాన్ని చెప్పాడు. దీనిని నేటి గంజాం జిల్లాలోని పాలూరుగా పలువురు చరిత్రకారులు గుర్తించారు. అరకు కొండల నుంచి ఈశాన్యంగా సాగి మహేంద్రగిరి దాకా వచ్చే తూర్పు కనుమల వరుస ఈ ప్రాంతంలో సముద్రానికి బాగా దగ్గరవుతుంది. కాళిదాసు రఘువంశంలో కళింగరాజును మహేంద్రగిరికీ మహాసముద్రానికీ కలిపి అధిపతిగా వర్ణించడం ఈ భౌగోళిక స్థితికి తగినట్టుగానే ఉంది.

పాలూరా నుంచి ఆవలి తీరంలోని సాడా రేవుకు పదమూడు వేల స్టేడియాల దూరమనీ, ఆ ప్రయాణం విషువత్తునాటి సూర్యోదయ దిశగా సాగుతుందనీ, తనకు ముందున్న మారినస్ లెక్కను ఉటంకిస్తూ టాలెమీ రాశాడు. సాడాను బర్మాలోని అరకాన్ తీరపు తాండ్వేగా గుర్తించే అభిప్రాయం ఉంది. దానిని అంగీకరిస్తే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. పాలూరు నుంచి తాండ్వే దాదాపు సరిగ్గా తూర్పున ఉంది. దూరం మాత్రం వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ ఉండగా, టాలెమీ చెప్పిన అంకె దానికి రెట్టింపు దాటింది. అంటే దిక్కు సరిపోయింది, దూరం తప్పింది. పరికరాలు లేని సముద్రయానం మిగిల్చే సమాచారం సాధారణంగా ఈ తీరులోనే ఉంటుంది. అలా ఎందుకు ఉంటుందో గ్రహించడానికి, ఈ విద్య ఇటీవలి కాలం దాకా సజీవంగా నిలిచి, దగ్గర నుంచి పరిశీలనకు అందిన పసిఫిక్ మహాసముద్రం వైపు చూడవలసి ఉంటుంది. ఈ రెండు సంప్రదాయాల మధ్య చారిత్రక సంబంధం ఉన్నదని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. మన ఆధారాలలో ఒకటి రెండు వాక్యాలుగా మిగిలినవాటిని చదవడానికి అక్కడి అనుభవం ఏ మేరకు సాయపడుతుందో చూడడమే ఈ పరిశీలన పరిధి.

సంశయం, ప్రయోగం

హవాయి, తాహితి, న్యూజిలాండ్ వంటి సుదూర ద్వీపాలకు పాలినీషియన్లు ఉద్దేశపూర్వకంగా ప్రయాణించి చేరారా, గాలివాటున కొట్టుకుపోయి చేరారా అన్నది ఇరవయ్యో శతాబ్దిలో పెద్ద వివాదం. ఆండ్రూ షార్ప్ 1956లో ప్రచురించిన గ్రంథంలో, పరికరాలు లేకుండా అంత దూరం వెళ్లి తిరిగి రావడం అసాధ్యమని వాదించాడు. ప్రవాహాలు పడవను ఎంత పక్కకు నెట్టాయో నడిసముద్రంలో తెలుసుకునే మార్గం లేదన్నది ఆయన వాదానికి ఆయువుపట్టు. ఇది తేలికగా కొట్టిపారేయదగిన వాదం కాదు. డేవిడ్ లూయిస్ పసిఫిక్‌లో మిగిలిన సంప్రదాయ నావికులతో కలిసి ప్రయాణించి, 1972లో వెలువరించిన గ్రంథంలో వారి పద్ధతులను నమోదు చేశాడు. ఆ తర్వాత బెన్ ఫిన్నీ తదితరులు హవాయిలో 'హోకూలేఅ' అనే జంట పడవను నిర్మించి ఈ వాదాన్ని సముద్రం మీదనే పరీక్షకు పెట్టారు.

ఆ ప్రయాణానికి తగిన పాలినీషియన్ నావికుడు అప్పటికి దొరకలేదు. విద్య అక్కడ అంతరించింది. అందువల్ల మైక్రోనీషియాలోని సతవాల్ ద్వీపానికి చెందిన మౌ పియాయ్‌లుగ్‌ను పిలిపించారు. 1976 మే 1న మావీ ద్వీపం నుంచి బయలుదేరిన పడవ జూన్ 4న తాహితిలోని పపీతే రేవుకు చేరింది. ప్రయాణం నాలుగు వేల కిలోమీటర్లకు పైబడినది. నావికుని వద్ద దిక్సూచి గానీ, గడియారం గానీ, పటం గానీ లేవు.

దిక్కు నిలుపుకోవడం

ఒక నక్షత్రం ఏ రాత్రి చూసినా క్షితిజం మీద ఒకే బిందువు వద్ద ఉదయిస్తుంది, ఒకే బిందువు వద్ద అస్తమిస్తుంది. మారేది వేళ మాత్రమే. మౌ వంటివారి దిక్సూచి ఈ ఉదయాస్తమయ బిందువుల వలయమే. ఆ ద్వీపాలలో తూర్పునకు గుర్తు శ్రవణా నక్షత్రం ఉదయించే చోటు. దానిని వారు పెద్ద పక్షిగా భావిస్తారు. నక్షత్రం క్షితిజానికి దగ్గరగా ఉన్నంతసేపే పనికివస్తుంది. అది పైకెక్కగానే అదే చోట ఉదయించే మరొకదానికి చూపు మారాలి. ఇలా ఒక రాత్రికి సుమారు పది నక్షత్రాలు ఒక వరుసగా అవసరమవుతాయి. టాలెమీ పేర్కొన్న 'విషువత్తునాటి సూర్యోదయం' కూడా ఇటువంటి క్షితిజ బిందువే. అది గ్రీకు గణితజ్ఞుని పరిభాషే అయినా, దాని వెనుక ఉన్నది పడవ ముక్కును ఒక ఉదయస్థానానికి నిలిపిన నావికుని జ్ఞానమే కావచ్చు.

మబ్బు కమ్మినప్పుడు ఆధారం అలలు. ఇక్కడ అల అంటే అప్పటి గాలి రేపే చిన్న అల కాదు. ఎక్కడో దూరాన పుట్టి, రోజుల తరబడి ఒకే దిశగా సాగే పెద్ద ఉబ్బు. నావికుడు తెల్లవారుజామున, నక్షత్రాలు ఇంకా కనిపిస్తుండగానే, ఏ ఉబ్బు ఏ దిక్కు నుంచి వస్తున్నదో సరిచూసుకుంటాడు. పగలంతా ఆ కోణాన్ని కంటితోనూ, పడవ ఊగే తీరుతోనూ నిలుపుకుంటాడు. రెండు మూడు ఉబ్బులు ఒకదానిపై ఒకటి పడినప్పుడు కన్ను పొరబడుతుంది. అప్పుడు పడవ అడుగున పడుకొని ఊపును ఒంటితో గుర్తించడం ఈ విద్యలో భాగం.

ఉత్తర దక్షిణాలుగా ఎంత దూరం వచ్చినదీ నక్షత్రాలే చెబుతాయి. హవాయి వద్ద త్రిశంకు మండలం నిటారుగా నిలిచినప్పుడు, దాని పై నక్షత్రానికీ కింది నక్షత్రానికీ మధ్య ఎంత ఎడం ఉంటుందో, కింది నక్షత్రానికీ క్షితిజానికీ మధ్య దాదాపు అంతే ఉంటుంది. దక్షిణానికి సాగేకొద్దీ ఈ రెండో ఎడం పెరుగుతుంది. నడినెత్తి మీదుగా సాగే నక్షత్రం మరో గుర్తు. హవాయి మీదుగా సాగే హోకూలేఅ మన స్వాతి నక్షత్రమే. నేడది మహేంద్రగిరి మీదుగా కూడా దాదాపు నడినెత్తినే సాగుతుంది. అయితే అయనచలనం వల్ల ఈ స్థానాలు శతాబ్దాలలో మారిపోతాయి. టాలెమీ కాలంలో స్వాతి నేటికంటే పది డిగ్రీలకు పైగా ఉత్తరాన ఉండేది. హవాయి తొలి నివాసులకూ అది సరిగ్గా నడినెత్తిన ఉండి ఉండదు. నేటి ఆకాశాన్ని ప్రాచీనులకు ఆపాదించే రచనలలో ఈ జాగ్రత్త తరచు లోపిస్తుంది.

తూర్పు పడమరలుగా ఎంత జరిగినదీ నక్షత్రాలు చెప్పవు. షార్ప్ లేవనెత్తిన అభ్యంతరం ఇక్కడ పూర్తిగా నిజం. వేగాన్నీ రోజులనూ మనసులో కూడుకోవడం తప్ప వేరే దారి లేదు. అందులో ప్రవాహాల ప్రభావం లెక్కకు అందదు. టాలెమీ అంకె తప్పడానికి కారణం ఇటువంటిదేనని ఊహించవచ్చు. అయితే నావికులు ఈ లోపాన్ని లెక్కతో కాక, దారి ఎంపికతో దాటారు. గాలి, ప్రవాహం పడమటికి నెడతాయని తెలుసు కనుక హోకూలేఅ వీలైనంతగా తూర్పునకు ఒరిగి సాగింది. దానికి ఎదురుగా ఉన్నది తాహితి ఒక్కటే కాదు. దానికి ముందు సుమారు పదిహేను వందల కిలోమీటర్ల పొడవున తువామోటు ద్వీపసముదాయం తడికలా పరుచుకొని ఉంది. అందులో ఏ ద్వీపం తగిలినా అక్కడి నుంచి దారి సరిదిద్దుకోవచ్చు. పడవ మొదట చేరినది ఆ సముదాయంలోని మతైవా ద్వీపానికి.

పక్షి చెప్పే దూరం

మతైవా పగడపు దీవి. పొడవు సుమారు పది కిలోమీటర్లు. దాని మీద ఎత్తయినవి కొబ్బరిచెట్లే. పడవ మీద నిలిచిన మనిషికి అది పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోపు మాత్రమే కనిపిస్తుంది. అంటే రెండు వైపులా కలుపుకొంటే నలభై, యాభై కిలోమీటర్ల వెడల్పు గల లక్ష్యం. అయితే చిన్న తెల్ల టెర్న్ పక్షులు తీరం నుంచి ముప్పై అయిదు, నలభై కిలోమీటర్ల దాకా వేటకు వస్తాయి. ఉదయం సముద్రం మీదికి పోతాయి, సాయంత్రం నేలకు మరలుతాయి. వాటిని లెక్కలోకి తీసుకుంటే లక్ష్యం వెడల్పు దాదాపు రెట్టింపవుతుంది. హోకూలేఅ ప్రయాణంలోనూ మతైవా కనిపించడానికి ముందు ఈ తెల్ల పక్షులు కనిపించాయి. నేల దగ్గర పడిందని మౌ వాటిని బట్టి చెప్పాడు.

ఈ గుర్తు ఎక్కడ తప్పుతుందో తెలియడమే అసలు విద్య. మసిరంగు టెర్న్ నెలల తరబడి నేల ముట్టకుండా సముద్రం మీదే తిరుగుతుంది. దానిని నమ్మినవాడు దారి తప్పుతాడు. వలస పక్షి వెళ్లే దిక్కు దగ్గరి నేలను సూచించదు. గూళ్లలో పిల్లలున్న కాలంలో వేటపక్షి ఏ వేళనైనా తిరిగి వెళ్లవచ్చు కనుక ఉదయం, సాయంత్రం అనే నియమమూ సడలుతుంది. ఒంటరి పక్షిని సాక్ష్యంగా తీసుకోరు. గుంపు కావాలి.

హిందూ మహాసముద్రంలో పంజరపు పక్షి

పక్షి సాయంతో నేలను వెదకడం మన వైపూ ఉంది. దీఘనికాయంలోని కేవట్ట సుత్తంలో, నావికులు వెంట తీసుకువెళ్లిన తీరదర్శి పక్షిని వదలడం, అది నాలుగు దిక్కులా ఎగిరి నేల కనిపిస్తే పోవడం, లేకుంటే ఓడకే తిరిగి రావడం ఉపమానంగా వచ్చింది. సింహళ నావికుల గురించి రోమన్ రచయిత ప్లినీ ఇదే చెప్పాడు. దానితోపాటు వారు నక్షత్రాలను పరిశీలించరనీ, అక్కడ సప్తర్షులు కనిపించకపోవడమే అందుకు కారణమనీ అన్నాడు. ఈ కారణం నిలవదు. సింహళం నుంచి సప్తర్షి మండలం రుతువును బట్టి స్పష్టంగా కనిపిస్తుంది. కారణమే తప్పయినప్పుడు, నక్షత్రజ్ఞానం లేదన్న మాటనూ యథాతథంగా స్వీకరించలేం. ఆర్యశూరుని జాతకమాలలోని సుపారగుడు నక్షత్రగతితోపాటు చేపలను, నీటి రంగును, అడుగు నేలను, పక్షులను, పర్వతాలను చూసి చోటు గుర్తించగలవాడు. ఇది కథే. అయినా అందులో పేర్కొన్న గుర్తులు పసిఫిక్‌లో లూయిస్ నమోదు చేసినవాటికి చాలా దగ్గరగా ఉన్నాయి.

రెండు పద్ధతులలోనూ పక్షి ఉన్నా, దాని పని ఒకటి కాదు. పసిఫిక్ నావికుడు అడవి పక్షి దినచర్యను చదువుతాడు. తీరదర్శి పక్షి మాత్రం నావికునికి ఎత్తయిన కన్ను. వంద మీటర్ల ఎత్తుకు ఎగిరిన పక్షికి క్షితిజం దాదాపు నలభై కిలోమీటర్ల దూరానికి జరుగుతుంది. ఓడ మీది మనిషికి అందని పల్లపు తీరం దానికి అందుతుంది. కనుక ఈ పద్ధతికి అసలైన అవసరం కృష్ణా గోదావరి డెల్టాల వంటి చోట్ల ఉంటుంది. అక్కడ నేల సముద్రమట్టానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది, ఇసుకమేటలు తీరానికి చాలా ముందే మొదలవుతాయి.

ఉత్తరాన స్థితి వేరు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. తీరానికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరం. లెక్క ప్రకారం గాలి తేటగా ఉన్న రోజున దాని శిఖరం తీరానికి నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఓడకు కూడా కనిపించాలి. అరకు చుట్టూ ఉన్న కొండలు అంతకంటే ఎత్తయినా తీరానికి డెబ్బయి కిలోమీటర్లకు పైగా లోపల ఉండడం వల్ల అవి అంత దూరం కనిపించవు. వాటి ముందున్న వరుసలూ అడ్డువస్తాయి. పొగమంచు, వర్షాకాలపు మబ్బు ఈ దూరాలను బాగా తగ్గిస్తాయి. అయినా పడమటికి మరలి వచ్చే నావికునికి తువామోటు ద్వీపాలు చేసిన పనిని ఇక్కడ ఈ కొండల వరుస చేయగలదు. అతడు ఒక రేవును గురిచూడనక్కరలేదు. కొండ కనిపించాక అది ఏ కొండో పోల్చుకొని, తన రేవు ఉత్తరాన ఉందో దక్షిణాన ఉందో నిర్ణయించుకుంటే చాలు. నడిసముద్రంలోకి మళ్లే చోటుగా తీరమంతటిలో డెల్టాకు ఉత్తరాన ఉన్న ఈ భాగాన్నే టాలెమీ పేర్కొనడంలో, వెళ్లే గాలితోపాటు తిరిగి వచ్చే దారి కూడా లెక్కలో ఉండి ఉండవచ్చు.