జీఎస్టీ వార్షిక రిటర్ను – ఖాతా పుస్తకాల తేడా

వార్షిక రిటర్ను (GSTR-9)లోని టర్నోవరు, ఖాతా పుస్తకాల టర్నోవరు ఒకటి కాకపోవడం. పుస్తకాలు ఆదాయం సమకూరిన కాలాన్ని బట్టి నడుస్తాయి. పన్ను ఎప్పుడు పడుతుందో జీఎస్టీ చట్టం వేరుగా నిర్ణయిస్తుంది. కాబట్టి ప్రతి తేడా ఎగవేత కాదు. రూ.5 కోట్లు దాటిన టర్నోవరుకు ఈ తేడాలను GSTR-9Cలో కారణాలతో చూపాలి.

పరిశీలనలో తేడా కనిపిస్తే అధికారి సెక్షన్ 61 కింద ASMT-10 నోటీసు ఇస్తారు. జవాబు ASMT-11లో, సాధారణంగా 30 రోజుల్లోపు ఇవ్వాలి.

ఉదాహరణకు, విజయవాడలోని ఒక సేవల సంస్థ పుస్తకాల్లో రూ.640 లక్షలు, రిటర్నులో రూ.629 లక్షలు ఉన్నాయనుకుందాం. మార్చిలో పని పూర్తయి, ఏప్రిల్‌లో గడువులోపే బిల్లు వేసిన రూ.14 లక్షలను తీసివేయాలి. పన్ను తగ్గించకుండా ఇచ్చిన డిస్కౌంటు రూ.4 లక్షలు పుస్తకాల్లో అమ్మకాలను తగ్గించింది కాబట్టి తిరిగి కలపాలి. రూ.630 లక్షలు వస్తుంది. మిగిలిన రూ.1 లక్ష నిజంగా వదిలేసిన బిల్లు. దానిపై 18 శాతం చొప్పున రూ.18,000 పన్నును వడ్డీతో DRC-03 ద్వారా కట్టి, ఆ వివరం జవాబులో రాయాలి.

ఏప్రిల్ బిల్లులు, అవి చేరిన నెలవారీ రిటర్ను, క్రెడిట్ నోట్లు జతచేయాలి. ‘కాలవ్యత్యాసం’ అని మాత్రమే రాస్తే జవాబు నిలవదు. వివరణ అంగీకరిస్తే ASMT-12 వస్తుంది. లేకుంటే పన్ను డిమాండు నోటీసుకు దారితీయవచ్చు.