ఖరారునామా (ఉమ్మడి ఇంటి పరిష్కారం)

ఉమ్మడి ఇంటి విషయంలో అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు నోటిమాటగా తేల్చుకున్న పంపకాన్ని ఆ తరువాత జ్ఞాపకార్థం ఒకటి రెండు పేజీల్లో రాసి సంతకాలు చేసుకునే కాగితం. పారీఖత్తు, పంపకాల కాగితం అన్న మాటలు కూడా దీనికి వాడుకలో ఉన్నాయి. ఖరారునామా ఫార్సీ నుంచి వచ్చిన మాట. పారీఖత్తుకు మూలం విడుదల పత్రం అనే అర్థమున్న ‘ఫారిగ్ ఖత్’ కావచ్చు. రిజిస్టరైన భాగపరిష్కార దస్తావేజును కూడా పారీఖత్తు అనేవారున్నారు కనుక పేరును బట్టి కాగితం స్వభావం తేలదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వంద రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తిలో హక్కును పుట్టించే లేదా వదిలించే పత్రం రిజిస్టరు కావాలి. కాకపోతే 49వ సెక్షన్ దాన్ని ఆ హక్కుకు సాక్ష్యంగా నిలవనివ్వదు. ఉమ్మడి కుటుంబంలో నోటిమాట పంపకం మాత్రం చెల్లుతుంది. ఈ రెంటి మధ్య సందులోనే ఖరారునామా బతుకుతోంది: హక్కు మాటతో ఏర్పడింది, కాగితం దాన్ని గుర్తుపెడుతోంది అంతే. ఈ సూత్రానికి ఆధారంగా సుప్రీంకోర్టు 1976 నాటి కాలే తీర్పును ఎక్కువమంది చెబుతారు. కొందరు 1966 నాటి టేక్ బహదూర్ తీర్పు దాకా వెళతారు. జరిగిన ఏర్పాటును నమోదు చేసే కాగితానికీ, ఏర్పాటునే చేసే కాగితానికీ తేడా ఆ పాత తీర్పులోనే కనిపిస్తుంది. కాలే తీర్పు దాన్ని సూత్రాలుగా పేర్చిందనడం సబబుగా ఉంటుంది.

ఊహకు ఒక ఇల్లు: 240 చదరపు గజాల స్థలం, వీధివైపు పెంకుటిల్లు, వెనక డాబా, మధ్యలో నుయ్యి. ఉగాదినాడు మేనమామ, ఇద్దరు ఊరి పెద్దల ఎదుట అన్న వీధివైపు 130 గజాలు, తమ్ముడు వెనక 110 గజాలు తీసుకున్నారు. తక్కువ వచ్చినందుకు తమ్ముడికి అన్న రెండు లక్షలు చెక్కుగా ఇచ్చాడు. మూడు వారాల తరువాత కాగితం రాసుకున్నారు. అందులో కీలకం క్రియాపదం. ‘ఫలానా తేదీన నోటిమాటగా పంచుకున్నాము, ఆనాటి నుంచి ఎవరి భాగం వారు అనుభవిస్తున్నాము, జ్ఞాపకార్థం ఇది రాసుకున్నాము’ అంటే అది నమోదు. ‘ఇందుమూలముగా పంచుకొనుచున్నాము, నేటి నుండి నీ భాగముపై నాకు హక్కు లేదు’ అంటే అదే దస్తావేజు, రిజిస్ట్రేషన్ తప్పదు. పాత లేఖరుల చేతి అలవాటు రెండో వాక్యమే కావడం ఎందరినో ముంచింది. ‘ఆరు నెలల్లో సొమ్ము ఇస్తే అప్పటి నుంచి హక్కు’ అన్న షరతూ అంతే ప్రమాదం. మాట జరిగిన తేదీ, రాసిన తేదీ విడివిడిగా ఉండాలి. ఇద్దరి భాగాలకూ నాలుగు హద్దులు, నడవ వెడల్పు, నూతి నీళ్లు, మురుగు పారే దారి రాయాలి. తగాదా మళ్లీ మొదలయ్యేది సాధారణంగా ఆ మురుగు దగ్గరే.

తెలుగునేల నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసుల్లో రెండు తీర్పులు పక్కపక్కన చదవదగ్గవి. 2015లో సుప్రీంకోర్టు, మెమొరాండం అని పేరు పెట్టినంత మాత్రాన పత్రానికి రిజిస్ట్రేషన్ అవసరం తప్పదని చెప్పింది. స్టాంపు సుంకం, జరిమానా కడితే స్వాధీనం ఎలాంటిదో చూపేటంతటి అనుబంధ ప్రయోజనానికి దాన్ని వాడుకోవచ్చంది. 2021లో జస్టిస్ కె.ఎం. జోసెఫ్, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ ధర్మాసనం, అన్నదమ్ముల మధ్య 1986 నాటి ఖరారునామా గత వ్యవహారాన్ని చెబుతున్నందున రిజిస్ట్రేషన్ లేకపోయినా సాక్ష్యంగా స్వీకరించవచ్చని చెబుతూ హైకోర్టు ఉత్తర్వును పక్కనపెట్టింది. ఇవి ఒకదానికొకటి విరుద్ధమనే వ్యాఖ్యానం ఉంది. ఆ తేడాకు కాగితాల్లోని మాటలు వేరు కావడమే కారణమనుకోవడం తేలిక.

పరిమితులు చిన్నవి కావు. నోటరీ ముద్ర గానీ, వంద రూపాయల స్టాంపు కాగితం గానీ రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. స్టాంపు కాగితం కొన్న తేదీ సంతకాల తేదీ తరువాతిదైతే అది వెనక తేదీ వేసిన కాగితమని అక్కడే తెలిసిపోతుంది. ఇల్లు తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోతే తల్లికీ, అక్కచెల్లెళ్లకూ కొడుకులతో సమాన వాటా ఉంటుంది. వాళ్లు కలవని ఒప్పందం వాళ్ల వాటాను తాకదు. పిత్రార్జితమైతే హిందూ వారసత్వ చట్టానికి 2005లో జరిగిన సవరణ కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే నోటి పంపకం అయిపోయిందన్న వాదనను, ప్రభుత్వ పత్రాల దన్ను ఉన్న అరుదైన సందర్భాల్లో తప్ప ఒప్పుకోరాదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. అందుకే రెండు భాగాలకూ విడివిడిగా వచ్చిన ఇంటిపన్ను రసీదులు, కరెంటు మీటర్లు, చెక్కు తాలూకు బ్యాంకు నమోదు సంతకాల కన్నా బలంగా నిలిచే సందర్భాలుంటాయి. అప్పు కోసం బ్యాంకుకు పోయినా, భాగం అమ్మకానికి పెట్టినా ఎదుటివారు మామూలుగా రిజిస్టరు భాగపరిష్కార దస్తావేజే అడుగుతారు.